మినిట్స్ పుస్తకంలో మన పేరు
(మహాసభలో ఒక సీనియర్ సభ్యురాలి ప్రసంగం)



మన జిల్లాలో ఆడవాళ్ళు గుంపుగా కూర్చోవడం కొత్త కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో సారా మీద తిరగబడింది మన తల్లులే. ఆ తర్వాత రోజుకొక రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి కూడా మన నెల్లూరులోనే నడిచింది. ఆ సంగతులు మీకు తెలిసినవే. నేను చెప్పొచ్చేది వేరే.

2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలైనాక, బీహార్ లాంటి చోట్ల కొత్త సంఘాలు పెట్టించడానికి మన రాష్ట్రం సంఘాల ఆడవాళ్ళను సెర్ప్ పంపింది. వాళ్ళనే సీఆర్పీలు అంటాం. ఒక్కో ఊళ్ళో పదిహేను రోజులు ఉండాలి, ఆ పనికి గౌరవ వేతనం ఉంటుంది. మా గ్రామ సమాఖ్యలో ఆ మాట వచ్చినప్పుడు నేనే ముందు చెయ్యెత్తినా. నా పేరు పోలేదు.

ఎందుకంటే, డిగ్రీ అడగలేదు గానీ పుస్తకాలు అడిగినారు. నా పొదుపు ఒక్క నెల తప్పలేదు, అప్పు కంతు ఆగలేదు. కానీ చేపలు ఎండేసే పనిలో పడి, డబ్బు చెల్లెలి చేతికిచ్చి పంపేదాన్ని. హాజరు పట్టీలో నా సంతకం సగం వారాలే ఉంది. మీటింగులో నేనేం మాట్లాడినానో మినిట్స్‌లో ఒక్క ముక్క లేదు. ఇంకో ఊరికి పోయి మీటింగు నడిపేదానికి, సొంత మీటింగుకే రానిదాన్ని ఎట్టా పంపుతారు? ఆరోజు కోపమొచ్చింది, ఇప్పుడైతే వాళ్ళది తప్పనను.

ఏడాది పాటు వారం వారం పోయినా. చదువురాని అక్కల లెడ్జరు నేను రాసినా. మండల సమాఖ్య సమావేశానికి మా ఊరి తరపున పోయి, వొచ్చినాక అక్కడ ఏం జరిగిందో సంఘానికి చెప్పి మినిట్స్‌లో రాయించినా. రెండోసారి తీర్మానంలో నా పేరు వచ్చింది.

బీహార్లో నాకు హిందీ రాదు. నా పొదుపు పాసుపుస్తకం చూపించి, వేళ్ళతో లెక్కేసి చెప్పినా, వాళ్ళకు అర్థమయింది. అయితే ఇది నెల జీతం ఉద్యోగం కాదమ్మా. పిలుపు వస్తేనే పని, డబ్బు ఆలస్యమవుతుంది, ఇంట్లో పిల్లల్ని ఎవరో చూడాలి. నాకు మిగిలింది అక్కడ కలిసిన వేరే జిల్లాల అక్కల నంబర్లు. ఎండుచేపకు ఏ సంతలో ధర ఉందో ఇప్పటికీ వాళ్ళనే అడుగుతా, వాళ్ళు మిరపకాయలకు నన్నడుగుతారు.

ఒక్క జాగ్రత్త చెప్పి కూర్చుంటా. పదవులు మారినప్పుడు పాత పుస్తకాలు అటకెక్కుతాయి, చెదలు తింటాయి. మీ పేరున్న తీర్మానం పేజీకి అప్పుడే జెరాక్సు తీసి, బీరువాలో పట్టా కాగితాల పక్కన పెట్టుకోండి.