పలకరింపు తిట్టుగా మారినప్పుడు

(ఆలయ సేవకుల శిక్షణ సందర్భంగా చిత్తూరులో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయానికి వచ్చిన భక్తుడు స్వామిని దర్శించుకోవడానికి ముందు మనలో ఎవరినో ఒకరిని చూస్తాడు. సమాచార కేంద్రంలోనో, వరుసల దగ్గరో, అన్నదాన సత్రం వాకిట్లోనో చేతులు జోడించి ‘నమస్కారం స్వామీ’ అంటాడు. మనమూ చేతులు జోడిస్తాము. అప్పుడప్పుడు ఆ చేతులు విడిపోకముందే మాట మారిపోతుంది. రెండవ వాక్యంలో గొంతు పెరుగుతుంది. మూడవ వాక్యంలో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వస్తుంది. నాలుగవ వాక్యంలో వినరాని మాట వినబడుతుంది. అప్పుడు సేవకుడు ఏమి చేయాలి? ఈనాడు ఆ ఒక్క విషయమే మీతో మనవి చేస్తాను.

వేంకటాచల మాహాత్మ్యం తెలిసిన వారికి భృగు మహర్షి వృత్తాంతం కొత్త కాదు. యజ్ఞఫలానికి అర్హుడైన దైవమెవరో పరీక్షించడానికి బయలుదేరిన మహర్షి, సత్యలోక కైలాసాలు చూసుకొని వైకుంఠానికి వచ్చి, శయనించి ఉన్న శ్రీహరి వక్షఃస్థలాన్ని కాలితో తన్నాడు. స్వామి లేచి, మహర్షి రాకను గమనించలేదని మన్నింపు కోరి, కఠినమైన తన రొమ్ము తగిలి ఆయన పాదం నొచ్చిందేమోనని ఆ పాదాన్ని ఒత్తాడు. ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉంది. స్వామి మహర్షిని ‘శాంతించు’ అనలేదు. ఆయన పాదం సంగతి అడిగాడు. కోపాన్ని గురించి మాట్లాడకుండా, కోపించిన వ్యక్తి అవసరాన్ని గురించి మాట్లాడాడు. మన పనికి మూలసూత్రం ఇదే. అయితే ఈ కథకు రెండవ సగం కూడా ఉన్నది. దాని సంగతి తరువాత చెప్పుకుందాం.

మొదట తెలుసుకోవలసింది, విన్నది నిజంగా తిట్టేనా అన్నది. మన సీమ ప్రాంతంలో ‘ఏమప్పా, నీ కత ఏంది?’ అని గట్టిగా అడిగే పెద్దాయన కోపంతో అడగడం లేదు. ఆయన ఇంట్లోనూ అలాగే పలకరిస్తాడు. మన జిల్లా ఆలయాలకు తమిళనాడు నుండి, కర్ణాటక నుండి భక్తులు నిత్యం వస్తుంటారు. వారిలో వచ్చీరాని తెలుగు మాట్లాడేవారు ‘నువ్వు చెప్పు’ అంటారు. వారికి అలవాటైన క్రియారూపం అదొక్కటే. అక్కడ అవమానం లేదు. కోస్తా ప్రాంతం నుండి సేవకు వచ్చినవారు ఈ మాటలకు నొచ్చుకొని ముఖం ముడుచుకోవడం నేను చూశాను. భక్తుని మాట మారక ముందే సేవకుని ముఖం మారితే, లేని గొడవను మనమే మొదలుపెట్టినట్లవుతుంది. గొంతు పెద్దదైనంత మాత్రాన తిట్టు కాదు. మన పుట్టుకనో, నిజాయతీనో, ఇంటివారినో తాకినప్పుడే అది తిట్టు.

ఇక నిజంగా తిట్టే వచ్చినప్పటి సంగతి. కొన్ని సంవత్సరాల క్రితం నేను ఒక ఆలయంలో అన్నదాన సత్రం ముందు సేవలో ఉన్నాను. ఆలయం పేరు మనకు ఇక్కడ అవసరం లేదు. ఉదయం పదకొండు గంటల వేళ, యాభై ఏళ్లు దాటిన ఒక గృహస్థు భార్యతోను, వృద్ధురాలైన తల్లితోను వచ్చారు. బెంగళూరు నుండి తెల్లవారకముందే బయలుదేరారట. ‘నమస్కారమండీ’ అన్నారు. ‘నమస్కారం, రండి’ అన్నాను. ఆయన ఆనాటి దాతల పేర్ల బోర్డు వైపు చూశారు. పైనుండి క్రిందికి రెండుసార్లు చదివారు. వెనుదిరిగేసరికి ఆయన ముఖం వేరుగా ఉంది. ‘మా నాయన పేరెక్కడ? డబ్బులు తీసుకొని పేరు మింగేశారా? దొంగలు! నీ వంటి వాళ్లను ఇక్కడ నిలబెడితే ఇంకేమవుతుంది?’ ఆ తరువాతి మాటలు ఇక్కడ చెప్పదగినవి కావు.

నేను చేసిన మొదటి పని ఊరకుండటం. ఆయన ఊపిరి తీసుకునే వరకు ఆగాను. మధ్యలో ‘అరవకండి’ అని ఉంటే, మా సంభాషణ అరుపుల గురించి అయి ఉండేది. ‘శాంతించండి’ అన్నా అంతే. ఆ మాట విన్నవారికి తాము తప్పు చేస్తున్నారని చెప్పినట్లుంటుంది. ‘నాకు తెలియదు, ఆఫీసులో అడగండి’ అని ఉంటే, అలసిన ముగ్గురు మనుషులను మరో కిటికీ దగ్గరకు తరిమినట్లయ్యేది.

రెండవది, ఆ తిట్టులో దాగిన ప్రశ్నను వెదకడం. ప్రతి తిట్టులోనూ ప్రశ్న ఉండకపోవచ్చు. ఇక్కడ మాత్రం ఉంది: ‘మా నాన్న పేరు ఎక్కడ?’ దొంగ అన్న మాటకు జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకే జవాబిచ్చాను. ‘ఈరోజు మీ నాన్నగారి పేరు మీద అన్నదానం జరగాలి, బోర్డులో పేరు లేదు, అంతేనా అండీ? రసీదు ఉంటే చూపించండి. అమ్మగారు ఈ నీడలో కూర్చుంటారు. నేను రిజిస్టరు చూసి పది నిమిషాల్లో ఇక్కడికే వచ్చి చెబుతాను.’ ఈ నాలుగు వాక్యాల్లో ఆయన బాధ ఉంది, నేను చేయగలిగిన పని ఉంది, దానికి పట్టే సమయం ఉంది. ‘మీ పేరు వేయిస్తాను’ అన్న మాట లేదు. అది నా చేతిలో లేదు కనుక. కోపాన్ని చల్లార్చడానికి ఇచ్చిన మాట నిలబడకపోతే, రెండవసారి వచ్చే కోపానికి మందు ఉండదు.

ఆయన ‘నువ్వు’ అన్నా నేను ‘మీరు’ వదలలేదు. మొదట ఏ మర్యాదతో పలకరించామో చివరి వరకు అదే ఉండాలి. తగ్గకూడదు, పెరగనూ కూడదు. కోపంగా ఉన్న మనిషితో హఠాత్తుగా ‘తమరు’, ‘దయచేయండి’ అని మొదలుపెడితే అది మర్యాదగా వినిపించదు, ఎగతాళిగా వినిపిస్తుంది.

ఇప్పుడు నా పొరపాటు చెబుతాను. భోజనం చీటీలు ఇచ్చే బల్ల దగ్గర ఒక కళాశాల విద్యార్థిని సేవలో ఉంది. ఆయన కోపం ఆ పిల్ల వైపు తిరిగింది. ఆమె పెంపకాన్ని గురించి ఒక మాట అన్నారు. నేను ఓర్పుగా ఉన్నాననుకుంటూ ఊరకున్నాను. రెండవ మాట వచ్చాక గాని ముందుకు అడుగు వేయలేదు. ‘అయ్యా, నన్ను అన్నది నేను విన్నాను, వింటాను. ఈ అమ్మాయిని అనవద్దు. మీ పని నేను చూస్తున్నాను, నాతో మాట్లాడండి’ అన్నాను. గొంతు పెంచలేదు, నవ్వనూ లేదు. ఆయన ఆగారు. మరొక సేవకుణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి ఆమెను లోపలికి పంపాను. సాయంత్రం ఆ అమ్మాయి అన్నది: ‘అన్నయ్యా, మీరు ఓర్చుకున్నారు. నా తరఫున కూడా మీరే ఓర్చుకున్నారు.’

భృగు వృత్తాంతంలోని రెండవ సగం ఇదే. మహర్షి తన్నిన చోటు స్వామి వక్షఃస్థలం మాత్రమే కాదు, లక్ష్మీదేవి నివాసం. స్వామి క్షమించాడు. అమ్మవారు క్షమించలేదు. అలిగి కొల్లాపురానికి వెళ్లిపోయింది. ఆమెను వెదకుతూనే స్వామి ఈ కొండకు దిగివచ్చాడని మన క్షేత్ర కథ. నా మీద పడిన మాటను ఓర్చుకునే అధికారం నాకుంది. పక్కవారి మీద పడిన మాటను ఓర్చుకునే అధికారం నాకు లేదు. తోటి సేవకురాలినో, వరుసలోని మరొక భక్తునినో, ఎవరి కులాన్నో తిట్టినప్పుడు వెంటనే మధ్యలో నిలబడాలి. సాయం చేస్తామన్న మాటను వెనక్కు తీసుకోకుండానే ఆ మాటను ఆపమని ఒక్కసారి స్పష్టంగా చెప్పాలి. ఆగకపోతే పర్యవేక్షకుణ్ణి పిలవాలి. చేయి లేచినా, మనిషి మద్యం మత్తులో ఉన్నా ఇక మాటలు పనికిరావు. రెండడుగులు వెనక్కు వేసి, చుట్టూ ఉన్నవారిని తప్పించి, భద్రతా సిబ్బందిని, అవసరమైతే 112 ద్వారా పోలీసులను పిలవాలి. అది మర్యాద తప్పడం కాదు.

రిజిస్టరులో ఏమున్నదో చెప్పి ముగిస్తాను. ఆయన తండ్రిగారి పేరున అన్నదానం జరిగింది. పదకొండు రోజుల ముందే జరిగిపోయింది. ఆయన తేదీని మనసులో పెట్టుకొని విరాళం ఇచ్చారు. కార్యాలయం వారు ఆబ్దికమన్న మాట చూసి తిథి ప్రకారం వ్రాసుకున్నారు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు, మన క్యాలెండరుకు 365. అందుచేత అధిక మాసం రాని సంవత్సరంలో తిథి దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. రసీదులో తిథి ఉంది కాని, దానికి సరిపోయే తేదీ వేయలేదు. ఆయనకు ఎవరూ ఫోను చేసి చెప్పనూ లేదు.

జరిగిపోయిన దినాన్ని నేను వెనక్కు తేలేను. పది నిమిషాల్లో తిరిగివచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ‘మీకు ముందుగా తెలియజేయకపోవడం ఇక్కడి పొరపాటు. మన్నించండి’ అన్నాను. అధికారి అనుమతితో ఆ రోజు రిజిస్టరు పుటను తీసుకువచ్చి తల్లిగారికి చూపించాము. ఆమె చదువుకోలేదు. కొడుకు వేలుపెట్టి చూపిన చోట చేత్తో తడిమి కళ్లకద్దుకున్నారు. ఆనాటి పంక్తిలో వడ్డించడానికి వారికి అవకాశం ఇవ్వగలరా అని అడిగితే అధికారి సమ్మతించారు. మమ్మల్ని తిట్టిన ఆ గృహస్థు రెండు పంక్తులకు అన్నం వడ్డించారు. వెళ్లేటప్పుడు ఆయన నన్ను క్షమాపణ అడగలేదు. నేను ఎదురుచూడలేదు. చీటీల బల్ల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆ అమ్మాయి లేకపోవడం చూసి, తల వంచుకొని వెళ్లారు.

ఆ సాయంత్రం పుస్తకంలో ‘భక్తుడు దురుసుగా ప్రవర్తించాడు’ అని వ్రాయలేదు. ‘తిథికి, తేదీకి తేడా వలన దాత ఆబ్దిక దినాన రాలేకపోయారు, ముందుగా కబురు అందలేదు’ అని వ్రాశాను. మొదటి వాక్యం వలన ఏమీ మారదు. రెండవ దాని వలన రసీదు మీద తిథితోపాటు తేదీ వ్రాయడం మొదలైంది.

దాతలకు కూడా ఒక మనవి. విరాళం ఇచ్చేటప్పుడు మీకు కావలసినది తిథియా, తేదీయా అన్నది స్పష్టంగా చెప్పి, రసీదు మీద వ్రాయించుకోండి. తిథి అయితే ప్రతి సంవత్సరం ఉగాది తరువాత కొత్త పంచాంగంలో చూసుకొని, ఆలయానికి ఒకసారి ఫోను చేయండి.

గోవిందా, గోవింద!