బిల్లులో కనబడని లెక్క

వాల్మీకిపురం ఇల్లాలు ఒకరు జూన్ 5న మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో క్రెడిట్ కార్డుతో పదివేల పట్టుచీర కొన్నారనుకుందాం. బిల్లు జూన్ 20న వచ్చింది, గడువు జూలై 10. ఆ రోజు ఆమె కనీస మొత్తం 500 కట్టారు. తర్వాతి బిల్లులో ‘ఫైనాన్స్ చార్జీలు’ అని 500 పైచిలుకు, దానిపై 18 శాతం జీఎస్టీ.

ఇది బ్యాంకు తప్పు కాదు. కనీస మొత్తం కడితే ఆలస్య రుసుము మాత్రమే తప్పుతుంది. వడ్డీ గడువు నుంచి కాదు, చీర కొన్న రోజు నుంచే లెక్కకొస్తుంది. నెలకు మూడున్నర శాతమైతే జూలై 20 దాకా 45 రోజులకు ఆ 500 పైచిలుకే అవుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు ఉండదు. కనీస మొత్తం సకాలంలో కట్టినా ఆలస్య రుసుము పడితే మాత్రం తప్పకుండా అడగాలి.

అదే చీర రెండుసార్లు కనబడితే? మిషన్‌లో మొదటిసారి ‘ఫెయిల్’ అని వచ్చి, రెండోసారి గీకినప్పుడు ఇలా జరుగుతుంది. తేదీ, దుకాణం పేరు, మొత్తం ఒకటే అయినా రిఫరెన్సు నంబర్లు వేరుగా ఉంటాయి. ఫెయిలైన చీటీ దాచుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం మీ బ్యాంకు 30 రోజుల్లోగా వివరణ, అవసరమైతే ఆధారాలు ఇవ్వాలి. స్పందన రాకపోతే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు.