ప్రవచనసారము ఆంగ్లంలో: ఏది నిలుపవలెను, ఏది విడువవలెను



విదేశాలలో పుట్టి పెరిగిన మన పిల్లలలో అనేకులకు తెలుగు వింటే కొంత తెలియును గాని, చదువ రాదు. వారి నిమిత్తం తెలుగు ప్రవచనానికి ఆంగ్ల సంగ్రహం వ్రాసేవారు పాటింపవలసిన పద్ధతిని గురించి నేడు మనవి చేస్తాను.

ఈ పని మన సీమకు కొత్త కాదు. పుట్టపర్తిలో శ్రీ సత్యసాయిబాబావారు తెలుగులో ప్రసంగించేవారు. 1958లో వెలువడిన సనాతన సారథి పత్రికకు సంపాదకులైన కస్తూరిగారు ఆ ప్రసంగాలను ఆంగ్లంలోకి తెచ్చారు. ఆయన కేరళలో జన్మించి, మైసూరులో చరిత్ర బోధించి, కన్నడ రచయితగా పేరొందినవారు. తెలుగు తెలియని దేశాంతరవాసులు ఆ ప్రసంగాలను ఆంగ్లంలోనే చదువుకొన్నారు. మూలం వినలేనివానికి సంగ్రహమే మూలమవుతుంది. అందులో ఒక్క మాట ప్రక్కకు తొలగితే దిద్దుకొనే ఉపాయం పాఠకునికి లేదు.

ఒక ఉదాహరణ చూతము. అనంతపురంలో ఒక ప్రవక్త గీత రెండవ అధ్యాయంలోని 47వ శ్లోకాన్ని వివరిస్తున్నాడనుకొనండి. ఆయన వేరుసెనగ రైతును దృష్టాంతంగా చెబుతాడు. "మనం మంచి విత్తనం ఏరుతాము, అదను చూచి విత్తుతాము, కలుపు తీస్తాము. పూత నేలపైన పూస్తుంది, ఊడ నేలలోనికి దిగుతుంది, కాయ లోపల కడుతుంది. ఊడ దిగే వేళ వాన రాకుంటే కాయ నిండదు. ఆ వాన మన చేతిలో లేదు. కాబట్టి విత్తడం మానుతామా?" అంటాడు.

దీనికి తొందరపాటు సంగ్రహం ఇట్లు తయారవుతుంది: "ఫలితాన్ని ఆశించకుండా పని చేయవలెను." వాక్యంలో వ్యాకరణదోషం లేదు, కాని ప్రవచనం మారిపోయింది. రైతు పంటను గురించి పట్టించుకోరాదని ప్రవక్త అనలేదు. విత్తనం మొదలు కలుపు వరకు తన వంతు శ్రద్ధగా చేయుమన్నాడు, వాన తన వంతు కాదని గుర్తింపుమన్నాడు. చదివిన పిల్లవాడు "అయితే పరీక్షలో మార్కులు కోరుకోరాదా?" అని అడిగితే, ఆ తప్పు పిల్లవానిది కాదు, సంగ్రహానిది.

శ్లోకంలోని అధికార శబ్దం మరొక చిక్కు. నేటి తెలుగులో అధికారమంటే పెత్తనం. ఆంగ్లంలో రైట్ అని వ్రాస్తే న్యాయస్థానంలో కోరదగిన హక్కు స్ఫురిస్తుంది. శాస్త్రంలో ఒక కర్మను చేయుటకు గల అర్హత అధికారము. కనుక సంస్కృతపదాన్ని అట్లే ఉంచి, "నీకు చెందిన వంతు పని" అనే అర్థాన్ని ప్రక్కనే ఒక్క వాక్యంలో చెప్పడం మేలు. ఇట్లు నిలుపదగిన పదాలు ఒక సంగ్రహంలో మూడు నాలుగుకు మించరాదు. మించితే అది నిఘంటువు అవుతుంది.

మూడవది సర్వనామము. ప్రవక్త "మనం" అన్నాడు, అనగా తననుకూడా కలుపుకొన్నాడు. తెలుగులో "మనం" వేరు, "మేము" వేరు. ఆంగ్లంలో రెండింటికీ వుయ్ ఒక్కటే. ఆ భేదం పోయినా కొంత ఊరట ఉన్నది. కాని సంగ్రహకర్తలు చాలామంది దానిని "మీరు" అని మార్చి వ్రాస్తారు. అప్పుడు కలిసి ఆలోచించే మాట దండనగా వినబడుతుంది.

ఇక విడువదగినవి: పునరుక్తులు, సభామర్యాదలు, శబ్దసామ్యంతో పుట్టిన చమత్కారాలు. చమత్కారాన్ని ఆంగ్లంలో వివరిస్తే నవ్వు రాదు, విషయమూ అందదు. దృష్టాంతాన్ని మాత్రం విడువరాదు. పొట్లంలోని వేరుసెనగ గింజనే ఎరిగిన పిల్లవానికి కాయ నేలలోపల కడుతుందన్న ముక్క ఒక్కటి చేర్చితే చాలును, ఫలం కంటికి కనబడదన్న భావం తానే గ్రహిస్తాడు.

పై ప్రవచనానికి సరియైన సారాంశం ఈ విధంగా ఉండవచ్చును: "వేరుసెనగ కాయ నేలలో కడుతుంది, రైతుకు కనబడదు. వాన అతని వశంలో లేదు. అయినా విత్తనంలోనూ సేద్యంలోనూ అతడు లోపం చేయడు. మన వంతు పనిలో మనం అట్లే ఉండవలెను." నాలుగు చిన్న వాక్యాలే అయినా ప్రవక్త ఆలోచన విరుగలేదు.

సంగ్రహం సరిగా ఉన్నదా అని తెలుసుకొనడానికి ఒక పరీక్ష ఉన్నది. ఆంగ్లప్రతిని ఒకరు తిరిగి తెలుగులో చెప్పవలెను. ప్రవచనం విన్న పెద్దలొకరు దానిని ఆలకించవలెను. "ఆయన ఇట్లనలేదు" అని వారన్నచోట వాదింపక, ధ్వనిముద్రణ మరల విని దిద్దుకొనవలెను. కుదించిన మాటలను ప్రవక్త నోటిమాటలుగా ఉల్లేఖన చిహ్నాలలో పెట్టరాదు. పైన "సంగ్రహము" అని స్పష్టంగా వ్రాసి, ప్రవచనం జరిగిన తేదీని, స్థలాన్ని తెలుపవలెను. అప్పుడు మూలం వినగోరిన పిల్లలు తల్లిదండ్రులను అడిగి ఆ ధ్వనిముద్రణను వెదకికొనగలరు.

స్వస్తి.