అలలు లేని చోటే దిగినం: రిప్ కరెంట్ సంగతి

గోదావరిఖని నుంచి మాట్లాడుతున్నా. మా దగ్గర సముద్రం లేదు, ఉన్నది గోదావరే. అయినా ఈ ఎపిసోడ్ సముద్రం మీద. ఎందుకంటే మనోళ్లు నలుగురు కలిసి టూర్ అనుకుంటే చాలాసార్లు వైజాగ్ పేరే వస్తది. గోదావరిలో ఈత నేర్చుకున్నోళ్లకైతే ధైర్యం ఇంకా ఎక్కువ. నాకూ గట్లనే ఉండె.

కొన్నేళ్ల కింద నలుగురం రామగుండంలో రైలెక్కి పోయినం. పొద్దున్నే ఆర్కే బీచ్‌కు చేరినం. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతున్నయి. మధ్యలో ఒక పదిహేను మీటర్ల వెడల్పున మాత్రం అలలే లేవు. నీళ్లు కొంచెం ముదురు రంగులో, నిమ్మళంగా ఉన్నయి. "ఇక్కడ సేఫ్ రా" అన్నది నేనే. నడుం లోతు దాటినమో లేదో, నాకు కాళ్ల కింద ఇసుక అందలేదు. తిరిగి చూస్తే ఒడ్డు దూరమైతున్నది.

దాన్నే రిప్ కరెంట్ అంటరు. అది ఎట్ల పుడుతదో చెప్త. ఒడ్డుకు కొంచెం అవతల, నీటి కింద, చాలా చోట్ల ఇసుక దిబ్బ ఉంటది. అలలు దాని మీద విరిగి నీళ్లను ఒడ్డు వైపు తోస్తనే ఉంటయి. వచ్చిన నీళ్లు మళ్లీ పోవాలె కదా? ఎదురుగా వచ్చే అలలు అడ్డం. అందుకే ఒడ్డు వెంబడి పక్కకు పారి, దిబ్బలో గండి ఎక్కడ ఉంటే అక్కడి నుంచి సముద్రంలోకి పోతయి. పొలంలో మడి గట్టు తెగితే నీళ్లన్నీ ఆ సందులోకే ఉరికినట్టు. గండి దగ్గర లోతు ఎక్కువ, అందుకే అల అక్కడ సరిగా విరగదు. మనకు ప్రశాంతంగా కనబడేది అదే.

వేగం మామూలుగా సెకనుకు అర మీటరు లోపే ఉంటది. అలలు పెద్దగున్న రోజు రెండు మీటర్లు కూడా రావచ్చు. వంద మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డు కూడా సెకనుకు రెండు మీటర్ల చిల్లరే. ఇగ మనమెంత!

ఒక మాట సరిగా వినండి. రిప్ మనిషిని కిందికి లాగదు. పైపైనే లోపలికి తీసుకపోతది, అలలు విరిగే చోటు దాటినంక బలం తగ్గుతది. ప్రాణం తీసేది ఎదురీత. నేనూ అదే చేసిన. ఒడ్డునే చూసుకుంట నేరుగా ఈదిన. రెండు నిమిషాలకే చేతులు బరువెక్కినయి, నోట్లోకి ఉప్పునీళ్లు. ఒడ్డు మీద ఒక జాలరి పెద్దాయన రెండు చేతులూ పక్కకు ఊపుతున్నడు. మాట వినబడలేదు గానీ, ఆ చేతులు అర్థమైనయి.

ముందు ఈత ఆపి వెల్లకిల తేలిన. ఊపిరి అందింది. తర్వాత ఒడ్డుకు సమాంతరంగా, తెల్లగా అలలు విరిగే వైపు ఈదిన. అక్కడ దిబ్బ ఉంటది, లోతు తక్కువ, అలలు కూడా ఒడ్డుకే తోస్తయి. ఒకపక్కకు పోలేకపోతే రెండో పక్కకు మళ్లాలె. ఎందుకంటే కొన్ని రిప్‌లు గుండ్రంగా తిరుగుతయి. అమెరికాలో జీపీఎస్ కట్టిన తేలే పరికరాలు వదిలి చూస్తే, చాలావరకు తిరిగి తిరిగి అలలు విరిగే చోటికే వచ్చినయి. అందుకే ఏం చేతకానప్పుడు తేలుతూ చెయ్యి పైకెత్తి ఊపుడే పెద్ద పని. నేను బయటపడ్డది దిగిన చోటికి చాలా దూరంలో.

మరి ముందే ఎట్ల గుర్తుపట్టాలె? నీళ్ల దగ్గర నిలబడి చూస్తే తెలియదు. బీచ్ రోడ్డు మీద నుంచి, ఎత్తు నుంచి, పది నిమిషాలు చూడండి. అలల తెల్ల గీత ఎక్కడ తెగింది? నురగ, చెత్త, బురద రంగు ఇసుక ఎక్కడ లోపలికి పోతున్నయి? రాళ్లు, గోడలు ఉన్నచోట వాటి పక్కనే రిప్ తరచూ ఉంటది. నిన్న లేని చోట ఇయ్యాల ఉండొచ్చు, ఇసుక కదులుతది. కొన్నైతే అనుభవం ఉన్నోళ్లకు కూడా కనబడవు. ఎండ కాస్తున్నా సరే, ఎక్కడో దూరంలో గాలి లేపిన అలలు ఇక్కడికి రావచ్చు. మన హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తది. పోయే ముందు రోజు చూసుకోండి.

ఇంకొకటి. ఆ రోజు నా దోస్తు నా వెనుకనే దూకబోయిండు. జాలరి పెద్దాయన వాని చొక్కా పట్టి ఆపిండు. కాపాడపోయినోళ్లే మునిగిన సంఘటనలు మస్తుగున్నయి. మూత బిగించిన ఖాళీ క్యాన్ విసరండి, లైఫ్‌గార్డును పిలవండి, 112కు ఫోన్ చేయండి, మునిగేటోని మీద నుంచి చూపు తిప్పకండి. మా వాడు ఆ పెద్దాయన మీద అరిచిండట, "వదులు, నా దోస్తు పోతున్నడు" అని. ఆయన వదల్లేదు.