ఆటల శీర్షికల్లో క్రియ

ఇంగ్లీషు పత్రికల్లో నిన్న ముగిసిన మ్యాచ్‌కు కూడా శీర్షిక సాధారణంగా వర్తమాన కాలంలోనే ఉంటుంది. వార్త తాజాగా వినిపించడానికే ఈ పద్ధతి. కింది కథనం మాత్రం భూతకాలంలో నడుస్తుంది.

తెలుగు శీర్షిక దారి వేరు. 2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టులో భారత్ రెండో ఇన్నింగ్స్ 36 పరుగులకే ముగిసింది. దీనికి ‘36కే కుప్పకూలిన భారత్’ అన్న శీర్షిక సహజంగా అమరుతుంది. ‘కుప్పకూలింది’ అనే సమాపక క్రియ ఇక్కడ విశేషణంగా మారి పేరుకు ముందు చేరింది. అయినా భూతకాలం చెరగలేదు. వికెట్లు పడగొట్టిన హేజిల్‌వుడ్, కమిన్స్ మాత్రం కనిపించరు. ఇలా కర్తను దాచడానికి ఇంగ్లీషు తరచూ కర్మణి ప్రయోగం వాడుతుంది, తెలుగుకు ఇక్కడ అకర్మక క్రియ చాలు. ‘భారత్ చిత్తు’ అంటే అసలు క్రియే ఉండదు.

రేడియో వార్తలో ఈ పొదుపు అంతగా నప్పదు. చెవికి ‘భారత్ ఓడిపోయింది’ అన్న పూర్తి వాక్యమే స్పష్టం.