ఏ ఏటి కొత్త?

పన్నులు, చట్టాలు, ప్రభుత్వ పథకాల గురించి మామూలు పాఠకుల కోసం వచ్చే చిన్న పుస్తకాలకు సంపాదకత్వం చేయడం నా వృత్తి. అట్ట మీద ‘కొత్త’, ‘తాజా’, ‘సరికొత్త’ అన్న మాటలు వేయవద్దని రచయితలతోనూ, ప్రచురణకర్తలతోనూ గట్టిగా పట్టుబడుతుంటాను. ఎందుకు పట్టుబడతానో ఒక్క ఉదాహరణతో మీ ముందు పెడతాను. అది మనలో చాలామంది జీతానికి సంబంధించిన విషయమే: ఆదాయపు పన్ను.

2020 బడ్జెట్‌లో కేంద్ర ప్రభుత్వం పన్ను కట్టడానికి రెండో దారి ఒకటి చూపించింది. మినహాయింపులు చాలావరకు వదులుకుంటే తక్కువ రేట్లు వర్తిస్తాయంది. దానికి జనంలో ‘కొత్త పన్ను విధానం’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు ఈ రోజుకీ అదే. రేట్లు మాత్రం అప్పటివి కావు.

ఒక మనిషిని తీసుకుందాం. ఏడాదికి 10 లక్షల జీతం, వేరే ఆదాయం లేదు, కొత్త విధానం ఎంచుకున్నాడు. 2020-21లో ఆయనకు మొదటి రెండున్నర లక్షల మీద పన్ను లేదు. తర్వాతి ఒక్కో రెండున్నర లక్షల మీద 5, 10, 15 శాతం. కూడితే 75,000, దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 78,000 రూపాయలు. 2023-24కి వచ్చేసరికి శ్లాబులు మారాయి, కొత్త విధానంలోనూ 50,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చారు. అదే జీతానికి పన్ను 54,600 అయింది. మరుసటి ఏడాది ఆ డిడక్షన్ 75,000కి పెరిగింది, శ్లాబులు మళ్లీ జరిగాయి. పన్ను 44,200. 2025-26లో, డిడక్షన్ పోను మిగిలిన ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటుతో పన్నంతా మాఫీ. మన మనిషి కట్టాల్సింది సున్నా.

నాలుగు ఏళ్ల లెక్కలు చూశాం, నాలుగు వేరువేరు జవాబులు వచ్చాయి. ఈ నాలుగింటి మీదా పుస్తకాలు వచ్చాయనుకోండి. నాలుగింటి అట్ట మీదా ‘కొత్త పన్ను విధానం – తాజా రేట్లు’ అని ఉందనుకోండి. అవి లైబ్రరీ బీరువాలో పక్కపక్కన నిలబడితే ఏది ఏ ఏటిదో బయటి నుంచి ఎవరు చెప్పగలరు? వేసిన రోజున ఏ అట్టా అబద్ధం చెప్పలేదు. రేట్లు మారిన ఏప్రిల్ రాగానే మొదటి మూడూ ఒక్కొక్కటిగా అబద్ధమయ్యాయి.

దీనివల్ల నష్టం ఎలా జరుగుతుందో కూడా చూడాలి. పాత పట్టిక చూసినాయన 78,000 కట్టాలేమోనని బెదురుతాడు. దానికంటే పాత విధానమే నయమనుకుని, పన్ను తప్పించుకోవడానికే లక్షన్నర రూపాయలు తనకు అక్కర్లేని పాలసీలోనో, చాలా ఏళ్లు తీయడానికి వీల్లేని పొదుపులోనో వేస్తాడు. పిల్లల ఫీజుకు ఉంచుకున్న డబ్బు అలా ఇరుక్కుపోతుంది. పుస్తకంలో తప్పు అచ్చయినందుకు ఇలా జరగలేదు. ఏ ఏటికి రాసిందో అట్ట మీద లేనందుకు జరిగింది.

‘కొత్త’ అనకపోతే పుస్తకం అమ్ముడుపోదని ప్రచురణకర్తలు అంటారు. నేను ఒప్పుకోను. పన్ను పుస్తకం కొనడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేదే ‘ఈ సంవత్సరానిదేనా?’ అని. ఆ ప్రశ్నకు ‘తాజా’ అన్న మాటలో జవాబు లేదు, అంకెలో ఉంది. ఇక్కడ ‘కొత్త పన్ను విధానం’ అన్నది పేరుగా నిలిచిపోయింది కనుక దాన్ని తీసేయలేం, నిజమే. పక్కన ఏడాది వేయగలం: ‘కొత్త పన్ను విధానం: 2025-26 ఆర్థిక సంవత్సరం’.

‘ఆర్థిక సంవత్సరం’ అని విడిగా వేయమనడానికీ కారణముంది. పన్ను లెక్కల్లో సంపాదించిన ఏడాది ఒకటి, దాన్ని లెక్కగట్టే అసెస్‌మెంట్ ఇయర్ ఇంకొకటి. 2022-23లో సంపాదించిన దానికి అసెస్‌మెంట్ ఇయర్ 2023-24. అట్ట మీద ఊరికే ‘2023-24’ అని ఉంటే సగంమంది ఒకలా, సగంమంది ఇంకొకలా చదువుకుంటారు. మన 10 లక్షల మనిషికి ఒక అర్థంలో 78,000, రెండో అర్థంలో 54,600 అవుతుంది. అందుకే తేదీ వేస్తే సరిపోదు, అది దేని తేదీనో కూడా చెప్పాలి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 చట్టం ఈ తేడాను తీసేసి ‘పన్ను సంవత్సరం’ అన్న ఒక్క పేరే ఉంచింది. ఆ మేలు అంతకుముందరి ఏళ్లకు మాత్రం వర్తించదు.

ఇంకో చిక్కు ముద్రణ తేదీతో. 2020లో రాసిన పుస్తకాన్ని 2024లో మళ్లీ అచ్చువేస్తారు. లోపలి పేజీలో ‘పునర్ముద్రణ: 2024’ అని ఉంటుంది. కాగితం 2024ది, రేట్లు 2020వి. నేను సంపాదకత్వం వహించే పుస్తకాల్లో ముద్రణ తేదీ కింద ఇంకో వరుస తప్పకుండా వేయిస్తాను: ‘ఇందులోని రేట్లు, నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నాటివి’. విషయాన్ని తిరిగి సరిచూసినప్పుడే ఆ తేదీ మారాలి. అచ్చు మళ్లీ వేసినంత మాత్రాన మారకూడదు.

అట్ట సరిచేసి లోపల వదిలేసినా పని సగమే అయినట్టు. ‘గత ఏడాది పెంచిన’, ‘ఇటీవలి బడ్జెట్‌లో’, ‘ప్రస్తుతం’ అన్న మాటలు రాతప్రతి నిండా ఉంటాయి. ప్రతిదాని దగ్గరా ఆగి ‘ఏ ఏడాది?’ అని అంచున రాస్తాను. ‘గత ఏడాది పెంచిన డిడక్షన్’ కాస్తా ‘2024-25 నుంచి 75,000 అయిన డిడక్షన్’ అవుతుంది. ఒక మాట పెరిగినా ఆ వాక్యం ఇక ఎప్పుడు చదివినా నిజమే.

తేదీ వేయడంలో మన పాత పుస్తకాలది ఇంకో తీరు. కొన్నింటి మీద తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటుంది. విశ్వావసు అంటే 2025 ఉగాదితో మొదలైనది కావచ్చు, 1965 నాటిది కావచ్చు, అంతకు అరవై ఏళ్ల ముందుదీ కావచ్చు. అప్పుడు కాగితం, అచ్చు అక్షరం, ధర చూసి ఊహించాల్సి వస్తుంది. పేరు వేసుకోండి, అది మన సంప్రదాయం. పక్కన అంకె కూడా ఉండాలి.

అలాగని ప్రతి శీర్షికలోనూ ఏడాది దూర్చడం తప్పు. చక్రవడ్డీ ఎలా లెక్కకట్టాలో చెప్పే పుస్తకం అట్ట మీద ‘2019’ అని వేస్తే, మంచి పుస్తకాన్ని చేజేతులా పాతది చేసినట్టే. ఆ లెక్క మారదు. అలాంటి వాటికి ఏడాది లోపలి పేజీలో ఉంటే చాలు. రేపు మారగల అంకె మీద పుస్తకం నిలబడి ఉంటేనే ఏడాది అట్ట మీదికి రావాలి.

ఏడాది వేస్తే మార్చి తర్వాత మిగిలిన కాపీలు చెత్తబుట్టకే కదా అని కొందరు అడుగుతారు. పన్ను విషయంలో అలా కాదు. ఏ ఏటి ఆదాయానికి ఆ ఏటి నిబంధనలే వర్తిస్తాయి. 2020-21 ఆదాయం మీద నోటీసు ఆ తర్వాత కొన్నేళ్లకు రావచ్చు. అది పట్టుకుని లైబ్రరీకి వచ్చిన మనిషికి ఈ ఏటి పుస్తకం పనికిరాదు, 2020-21ది కావాలి. అట్ట మీద ఆ అంకె ఉంటే లైబ్రేరియన్ ఒక్క నిమిషంలో తీసి చేతికిస్తారు.