చందమామ తరిగేదెందుకు? పెరిగేదెందుకు?

భద్రాచలం మన్యంలో ఒక రాత్రి బడిలో చెప్పిన మాటలు



ఈ గోడ మీద రెండు వరుసల్లో ఫోటోలు అంటించాం. రెండింటిలోనూ ఉన్నది చందమామే. పై వరుసలోవి 2025లో, భాద్రపద మాసంలో వేరు వేరు రాత్రులు తీసినవి. కింది వరుసలోవి అదే నెల పున్నమినాడు, ఒక్క రాత్రిలో తీసినవి. రెండు వరుసల్లోనూ వెలుగు భాగం మారుతూ ఉంది. కానీ రెండింటికీ కారణం ఒకటి కాదు. ఆ తేడా ఏమిటో ఈరోజు చూద్దాం.

ముందు పై వరుస చూడండి. మొదటి ఫోటో ఆగస్టు 27 నాటిది. ఆ రోజు వినాయక చవితి. చవితి చంద్రుణ్ణి చూడొద్దంటారు. అయినా కెమెరా చూసింది! సన్నగా, కొడవలిలా ఉన్నాడు. రెండోది ఆగస్టు 31, శుద్ధ అష్టమి. చంద్రుడు సగం ఉన్నాడు. మూడోది సెప్టెంబరు 7, పున్నమి. పొద్దుగూకాక, గ్రహణం పట్టకముందు తీసింది. నిండుగా ఉన్నాడు. నాలుగోది సెప్టెంబరు 14, బహుళ అష్టమి. మళ్లీ సగమే. అయితే ఈసారి రెండో వైపు సగం. వానాకాలం కదా, మబ్బు పట్టిన రాత్రుల ఫోటోలు లేవు.

ఇప్పుడు చంద్రుడిలోని మచ్చలు చూడండి. కుందేలు అంటాం కదా, ఆ మచ్చలే. సగం చంద్రుడిలో కొన్ని మచ్చలే కనబడుతున్నాయి. కానీ నిండు చంద్రుడిలో అవి ఎక్కడ ఉన్నాయో, ఇక్కడా అక్కడే ఉన్నాయి. అంటే చంద్రుడు ముక్కలు కాలేదు, అరిగిపోలేదు. మన వైపు ఎప్పుడూ అదే ముఖం ఉంది. వెలుగుకూ చీకటికీ నడుమ ఉన్న హద్దు మాత్రమే జరిగింది.

ఆ హద్దు ఎందుకు జరిగింది? చంద్రుడికి సొంత వెలుగు లేదు. సూర్యుడి ఎండ పడిన సగం మెరుస్తుంది. ఎండ పడని సగం చీకటిగా ఉంటుంది. అమావాస్య నాడు కూడా చంద్రుడి సగం మీద ఎండ ఉంటుంది. మనకే కనబడదు.

ఇది మీరే చేసి చూడవచ్చు. బంకమట్టితో ఒక ఉండ చేసి, ఆరబెట్టి, సున్నం పూయండి. పుల్లకు గుచ్చండి. చీకటి గదిలో, మీ తలంత ఎత్తులో ఒక దీపం పెట్టండి. దీపం సూర్యుడు. ఉండ చంద్రుడు. మీ తల భూమి. చెయ్యి చాచి, ఉండను తలకంటే కొంచెం ఎత్తుగా పట్టుకోండి.

దీపానికి ఎదురుగా నిలబడండి. ఉండకు అవతలి వైపు వెలుగు పడుతుంది. మీకు చీకటి వైపే కనబడుతుంది. ఇది అమావాస్య. ఇప్పుడు ఎడమ చేతి వైపుకు మెల్లగా తిరగండి. ఉండ కూడా మీతో తిరుగుతుంది. ఉండ కుడి అంచున సన్నని వెలుగు వస్తుంది. అది చవితి చంద్రుడు. పావు చుట్టు తిరిగేసరికి కుడి సగం వెలుగుతుంది. అది అష్టమి. దీపానికి వీపు పెట్టేసరికి ఉండంతా వెలుగుతుంది. అది పున్నమి. ఇంకో పావు చుట్టు తిరిగితే ఎడమ సగం వెలుగుతుంది. అది బహుళ అష్టమి.

చూశారా? ఉండలో ఎప్పుడూ సగానికే వెలుగు ఉంది. ఆ వెలుగు సగంలో ఎంత మన వైపు ఉందో, అదే మారింది. చంద్రుడు మన చుట్టూ ఇలాగే తిరుగుతాడు. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29న్నర రోజులు పడుతుంది.

భూమి నీడ పడడం వల్లే చంద్రుడు తరుగుతాడని చాలామంది అనుకుంటారు. అష్టమి నాటి సాయంత్రం చూస్తే అది కాదని తెలుస్తుంది. ఆగస్టు 31న పొద్దు పడమట వాలుతోంది. సగం చంద్రుడు దక్షిణాన ఉన్నాడు. సూర్యుడు పడమట ఉంటే భూమి నీడ తూర్పుకు పడుతుంది. దక్షిణాన ఉన్న చంద్రుడి మీద పడనే పడదు. అయినా చంద్రుడు సగమే ఉన్నాడు. అంటే అది నీడ కాదు. ఎండ పడని వైపు, అంతే.

మరి భూమి నీడ చంద్రుడి మీద పడదా? పడుతుంది. అదే కింది వరుస. అది సెప్టెంబరు 7 నాటి చంద్రగ్రహణం. రాత్రి 9 గంటల 57 నిమిషాలకు చంద్రుడి అంచున నీడ మొదలైంది. 11 గంటలు దాటేసరికి చంద్రుడు పూర్తిగా నీడలో మునిగాడు. నల్లగా మాయం కాలేదు, ఎర్రగా మారాడు. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వచ్చిన కొంత ఎండ అతని మీద పడింది. పొద్దుగూకే వేళ సూర్యుడు ఎర్రగా కనబడేది ఎందుకో, ఇది కూడా అందుకే. రాత్రి ఒంటిగంటన్నర లోపే నీడ పూర్తిగా తొలగింది.

ఉండతో ఇదీ చేయవచ్చు. దీపానికి వీపు పెట్టి, ఉండను కొంచెం కిందికి దించండి. మీ తల నీడ దాని మీద పడుతుంది. అదే గ్రహణం. మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడు తిరిగే దారి కొంచెం వాలుగా ఉంటుంది. అందుకే చాలా పున్నములకు అతను నీడకు పైనుంచో, కిందనుంచో దాటిపోతాడు.

రెండు ఫోటోలు కలిసిపోతే ఏది ఏదో ఎలా పోల్చాలి? హద్దు చూడండి. అష్టమి చంద్రుడి హద్దు గీత గీసినట్టు తిన్నగా ఉంది. గ్రహణంలో సగం మునిగిన చంద్రుడి హద్దు వంపుగా ఉంది. భూమి నీడ గుండ్రంగా ఉంటుంది కనుక, చంద్రుడికంటే చాలా పెద్దది కనుక అలా వంగింది. తిథి కూడా చూడండి. చంద్రగ్రహణం పున్నమినాడే వస్తుంది. మరే తిథినాడూ రాదు.

ఈ నీడ సంగతి ఆడవాళ్లకు ఎందుకు ముఖ్యమో మీకు తెలుసు. బిడ్డ చీలిన పెదవితో పుడితే మనం గ్రహణం మొర్రి అంటాం. గ్రహణం నాడు తల్లి బయటికి వచ్చిందనీ, కత్తి పట్టిందనీ నింద వేస్తాం. కానీ బిడ్డ పెదవి, అంగిలి కడుపు నిలిచిన మొదటి రెండు మూడు నెలల్లోనే తయారవుతాయి. అప్పుడు రెండు వైపులా సరిగా కలవకపోతే మొర్రి వస్తుంది. ఎక్కడో ఆకాశంలో, చంద్రుడి మీద పడిన నీడ కడుపులోని బిడ్డను ఏమీ చేయదు. గర్భిణి ఆ రాత్రి అన్నం, నీళ్లు మానవలసిన పని లేదు. మొర్రిని ఆపరేషన్‌తో సరిచేస్తారు. తల్లి మీద వేసిన నింద మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇలాంటి ఫోటోలు మీరూ తీయవచ్చు. ఫోన్‌తో ఊరికే తీస్తే చవితి చంద్రుడు కూడా తెల్లటి ముద్దలా పడతాడు. తెర మీద చంద్రుడి దగ్గర వేలు పెట్టి, వెలుగు తగ్గించి తీయాలి. ఇంకో మాట. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. కనుక పున్నమి దాటాక సాయంత్రం 7 గంటలకు చూస్తే దొరకడు. బహుళ అష్టమికి అర్ధరాత్రి దగ్గర పడ్డాకే లేస్తాడు.

ఇప్పపువ్వు ఏరడానికి కోడి కూయకముందే అడవికి వెళ్లేవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది. పున్నమి దాటిన వారం పది రోజులు ఆ వేళకు మబ్బు లేకపోతే వెన్నెల ఉంటుంది. అమావాస్య దాటిన వారం రోజులు ఆ వేళకు చంద్రుడు ఎప్పుడో కుంకిపోయి ఉంటాడు. ఆ రోజుల్లో చేతిలో లైటు లేకుండా బయలుదేరకండి.